సేవ ఆగినప్పుడు కస్టమర్లకు పంపే నోటీసు: సమయం, కారణం, పరిహారం

ప్రశ్న: మాది నెల చందా మీద నడిచే ఆన్‌లైన్ సేవ. సేవ ఆగినప్పుడు కస్టమర్లకు పంపే నోటీసు రాసే బాధ్యత నాకు అప్పగించారు. గతసారి "రెండు గంటల్లో వస్తుంది" అని రాసి మాట తప్పాం. కారణం ఎంతవరకు చెప్పాలి, ఎప్పటికి వస్తుందో ఎలా చెప్పాలి, పరిహారం సంగతి మొదటి నోటీసులోనే ఎత్తాలా?

జవాబు:

మూడింటిలో సమయాన్ని ముందు తీసుకుంటాను. కారణం సరిగ్గా రాయకపోయినా కస్టమర్లు కొంత సర్దుకుంటారు గానీ, సమయం తప్పితే ఆ తరువాత మనం రాసే ఏ వాక్యాన్నీ నమ్మరు. నేను ఇలాంటి నోటీసులు చాలాకాలం రాశాను, ఇతరులు రాసినవి సరిదిద్దాను. వాటిలో ఒక రోజు సంగతి పూర్తిగా చెబుతాను, ఎందుకంటే ఆ ఒక్క రోజులో మీరు అడిగిన మూడు ప్రశ్నలూ మా ముందుకు వచ్చాయి.

నేను అప్పట్లో పనిచేసిన సంస్థలో కస్టమర్ల ఆర్డర్లు, బిల్లులు అన్నీ ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఉండేవి. డేటాబేసులో జరిగే ప్రతి మార్పూ ముందుగా `pg_wal` అనే డైరెక్టరీలోని లాగ్ ఫైళ్లలో నమోదవుతుంది. ఆ ఫైళ్లు ఎప్పటికప్పుడు బ్యాకప్ నిల్వకు కాపీ అయ్యాకే సర్వర్ వాటిని తొలగిస్తుంది. ఆ రోజు ఉదయం 6:40కి బ్యాకప్ నిల్వ పాస్‌వర్డ్ గడువు తీరిపోయి కాపీ ఆగిపోయింది. ఫైళ్లు పేరుకుపోతూ వచ్చి 10:12కి డిస్క్ నిండింది, `No space left on device` అన్న సందేశంతో డేటాబేస్ ఆగిపోయింది. మా పర్యవేక్షణ బృందం దానిని 10:19కి గమనించింది. 10:30కి మొదటి నోటీసు వెళ్లింది. 10:40కి ఒక ఇంజనీరు, అవి పాత లాగులే కదా అనుకుని, ఖాళీ కోసం ఆ డైరెక్టరీలోని ఫైళ్లు కొన్ని చేత్తో తీసేశారు. అవి లేకుండా డేటాబేస్ మళ్లీ లేవలేకపోయింది. అప్పటిదాకా డిస్క్ పెంచితే సరిపోయే సమస్య కాస్తా, రాత్రి తీసిన బ్యాకప్ నుంచి మొత్తం తిరిగి నిలబెట్టాల్సిన సమస్యగా మారింది. ఆ నిర్ణయం 11 గంటలకు తీసుకున్నారు.

ఇప్పుడు సమయం లెక్క. నోటీసు రాసేవారు ఇంజనీరును "ఎంతసేపు పడుతుంది?" అని అడిగారు. బ్యాకప్ పరిమాణం 600 జీబీ, మామూలుగా సెకనుకు 120 ఎంబీ వేగంతో కాపీ అవుతుంది కనుక దాదాపు 83 నిమిషాలు. ఆయన "గంటన్నర" అన్నారు, నోటీసులో "మధ్యాహ్నం 12:30 కల్లా సేవ పునరుద్ధరించబడుతుంది" అని వెళ్లింది. ఇంజనీరు అబద్ధం చెప్పలేదు, తన చేతిలో ఉన్న పనికి పట్టే సమయమే చెప్పారు. కానీ కస్టమరు అడిగే ప్రశ్న వేరు: నేను లాగిన్ అయి పని చేసుకోగలిగేది ఎప్పుడు? కాపీ అయ్యాక, బ్యాకప్ తీసినప్పటి నుంచి నిల్వలోకి చేరిన లాగులన్నిటినీ వరుసగా మళ్లీ వర్తింపజేయాలి, దానికి గంట అనుకుందాం. ఆ తరువాత లెక్కలు సరిపోయాయో లేదో చూడడానికి ముప్పావు గంట. చివరగా అందరినీ ఒక్కసారి వదలకుండా విడతలుగా లోపలికి అనుమతించడానికి అరగంట. అంటే కాపీ తరువాత ఇంకా 135 నిమిషాల పని ఉంది. ఆ సంగతి నోటీసు రాసినవారు అడగలేదు, ఇంజనీరుకు చెప్పాలని తోచలేదు.

దాని మీద ఇంకొక పొరపాటు కూడా జరిగింది. కాపీ మొదలైన 15 నిమిషాలకు చూస్తే 108 జీబీ రావలసింది, 45 జీబీయే వచ్చింది. అదే నెట్‌వర్కు మీద వేరే పనులు నడుస్తుండడంతో వేగం సెకనుకు 50 ఎంబీ దగ్గరే ఉంది. ఆ లెక్కన 600 జీబీకి 200 నిమిషాలు, అంటే మధ్యాహ్నం 2:20 దాకా కాపీయే పూర్తి కాదు. ఈ అంకె 11:15కే తెరమీద కనబడుతోంది. అయినా నోటీసును 12:30కి ఒకసారి "2 గంటలకు" అని, 2 గంటలకు మరోసారి "3:30కి" అని మార్చారు. నిజానికి సేవ వచ్చింది సాయంత్రం 5:27కి.

11:15 నాటి కొలతతో మేము ఏం రాసి ఉండవచ్చో చూడండి. కాపీ 2:20కి ముగుస్తుంది, మిగిలిన మూడు దశలకు 135 నిమిషాలు కలిపితే 4:35. ఇది అన్నీ సవ్యంగా జరిగితే వచ్చే సమయం, కనుక ఇది పరిధికి మొదటి కొస. అవతలి కొస కోసం మిగిలిన దశలకు పట్టే సమయాన్ని సగం పెంచి చూస్తే 5:45 దాకా వస్తుంది, దానిని 6 గంటలుగా తీసుకుంటాం. "సాయంత్రం 4:30 నుంచి 6 గంటల మధ్య" అని 11:20కి ఒక్క నోటీసు వెళ్లి ఉంటే, మూడు దశలూ అనుకున్నదానికంటే ఆలస్యమైనా సరే, 5:27 ఆ పరిధిలోనే పడేది. ఆరున్నర గంటలు ఆగాలన్న మాట ఉదయం పూటే వినడం కస్టమరుకు కష్టమే. కానీ సాయంత్రం దాకా రాదని తెలిస్తే ఆయన కాగితం మీద బిల్లులు రాసుకునే ఏర్పాటు చేసుకుంటాడు, సిబ్బందిని వేరే పనికి పంపుతాడు. "ఇంకో గంటలో" అని నాలుగుసార్లు విన్నవాడికి ఆ అవకాశమే ఉండదు, రోజంతా తెర ముందు కూర్చుని పోగొట్టుకుంటాడు.

కనుక ఇంజనీరును అడగవలసిన ప్రశ్న "ఎంతసేపు?" అని కాదు. "కస్టమరు లాగిన్ అయ్యేలోగా ఇంకా ఏయే దశలున్నాయి, ఇప్పుడున్న దశ ఎంత వేగంగా నడుస్తోంది, ఆ వేగం కొలిచారా, ఊహా?" అని అడగండి. కొలిచే దాకా సమయం రాయకండి. సమయం తెలియనప్పుడు రాయదగినది ఒకటుంది: తదుపరి సమాచారం ఎప్పుడు ఇస్తారో. అది పూర్తిగా మీ చేతిలో ఉన్న మాట కనుక తప్పే అవసరం రాదు. చెప్పడానికి కొత్తది ఏమీ లేకపోయినా ఆ నిమిషానికి నోటీసు వెళ్లాలి. "కాపీ కొనసాగుతోంది, 600 జీబీలో 310 జీబీ పూర్తయింది, సాయంత్రం 4:30–6:00 అంచనాలో మార్పు లేదు" అన్న ఒక్క వాక్యం చాలు.

ఇక కారణం. మొదటి నోటీసులో కారణం అక్కర్లేదు, దాని స్థానంలో లక్షణం రాయాలి: ఏది పనిచేయడం లేదు, ఏది పనిచేస్తోంది, ఎప్పటి నుంచి. సేవ ఆగాక మొదటి నోటీసు వెళ్లేలోగా ఉన్న ఆ 18 నిమిషాల్లో మనకు తోచే కారణం చాలాసార్లు అసలు కారణం కాదు. అయితే "సాంకేతిక కారణాల వల్ల", "అనివార్య కారణాల వల్ల" అన్న పడికట్టు మాటలు కూడా వద్దు, వాటికంటే "కారణం పరిశీలిస్తున్నాం" అనడం నిజాయతీగా ఉంటుంది. "కొందరు కస్టమర్లకు స్వల్ప అంతరాయం" అని రాసే ముందు ఎందరికో తెలుసుకోండి. అందరికీ ఆగిపోయినప్పుడు ఆ వాక్యం చదివిన ప్రతి ఒక్కరూ లోపం తమ కంప్యూటర్లోనే ఉందనుకుని దానిని తిప్పలు పెడతారు, ఆ తరువాత మన సహాయ కేంద్రానికి ఫోన్లు వెల్లువెత్తుతాయి.

మా మొదటి నోటీసులో అన్నిటికంటే నష్టం చేసిన వాక్యం మాత్రం వేరే ఉంది: "మీ డేటా పూర్తిగా భద్రంగా ఉంది." అది అలవాటుగా రాసిన వాక్యం, ఎవరూ పరీక్షించి రాసింది కాదు. "భద్రం" అన్న మాటలో రెండు వేర్వేరు హామీలున్నాయని గుర్తుంచుకోవాలి. ఒకటి, డేటా బయటివారి చేతుల్లో పడలేదని. రెండు, డేటా చెరిగిపోలేదని. మాకు మొదటిది నిజమే, రెండోది కాదు. 6:40 తరువాతి లాగులు బ్యాకప్ నిల్వకు చేరనేలేదు, సర్వరులో ఉన్నవాటిలో కొన్నిటిని మేమే తీసేశాం. అంటే 6:40 నుంచి 10:12 వరకు కస్టమర్లు నమోదు చేసిన బిల్లులు కొత్తగా నిలబెట్టిన డేటాబేసులో లేవు. పాత డిస్కు నుంచి వాటిలో చాలావరకు వెలికితీయగలిగాం గానీ, ఏది పూర్తిగా ఉందో ఏది సగమో తేల్చడానికి రెండు రోజులు పట్టింది.

ఇలాంటి సందర్భంలో కస్టమరుకు కారణం కంటే ముందు కావలసింది ఒక స్పష్టమైన సూచన: పోయిన నమోదులు మళ్లీ చేయాలా, ఆగాలా? మేము దీని గురించి మౌనంగా ఉన్నాం. సగంమంది 5:30 నుంచే మళ్లీ నమోదు చేశారు, రెండు రోజుల తరువాత మేము వెలికితీసినవి కలపడంతో ఒకే బిల్లు రెండుసార్లు కనబడింది. సేవ ఆగిన సమయం కంటే ఆ జంట బిల్లుల మీదే ఎక్కువ ఫిర్యాదులు వచ్చాయి. డేటా విషయం తేలనప్పుడు "ఉదయం 6:40 నుంచి 10:12 మధ్య మీరు చేసిన నమోదులు ప్రస్తుతం కనబడకపోవచ్చు, మేము తెలియజేసే వరకు దయచేసి వాటిని మళ్లీ నమోదు చేయవద్దు" అని రాయడమే సరైనది.

దీనికి బయటి నుంచి ఒక మంచి ఉదాహరణ ఉంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీని తొలగించారు, దాదాపు 6 గంటల డేటా పోయింది. వారు "కొంత డేటా" అని దాటవేయకుండా, ఏవి పోయాయో, ఏవి పోలేదో విడదీసి రాశారు. ప్రాజెక్టులు, వ్యాఖ్యలు, కొత్త ఖాతాల వంటి డేటాబేస్ వివరాలు పోయాయని, కోడ్ రిపాజిటరీలకు, వికీలకు నష్టం లేదని స్పష్టం చేశారు. చదివినవాడికి తన పని పోయిందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. తప్పు చేసిన వ్యక్తిని ముందుకు నెట్టకుండా, ఆ తప్పు అంత దూరం పోవడానికి వీలిచ్చిన బ్యాకప్ లోపాలను బయటపెట్టారు. మీ తుది నోటీసులో కూడా ఇదే కొలత పాటించండి. "పాస్‌వర్డ్ గడువు తీరింది, దానిపై హెచ్చరిక వచ్చే ఏర్పాటు మా దగ్గర లేదు, ఖాళీ చేసే క్రమంలో అవసరమైన ఫైళ్లు తొలగించాం" అన్నంత వివరం చాలు. ఒక్క మినహాయింపు: ఆగడానికి కారణం బయటివారి దాడి అయి, అది ఇంకా సాగుతుంటే, ప్రవేశించిన మార్గం మూసేదాకా దాని వివరం రాయకూడదు. దాడి జరిగిందన్న సంగతిని మాత్రం దాచకూడదు.

పరిహారం గురించి నా అభిప్రాయం ఇది: మొదటి నోటీసులో దాని ఊసు వద్దు, సేవ తిరిగి వచ్చిందన్న నోటీసులో ఒక వాక్యం, మొత్తం ఎంతో తుది నోటీసులో. సేవ ఎంతసేపు ఆగిందో తేలకముందు అంకె చెబితే తరువాత దానిని పెంచాల్సి వస్తుంది. 2022 జులైలో కెనడాలో రోజర్స్ సంస్థ నెట్‌వర్కు దేశవ్యాప్తంగా ఆగినప్పుడు, ముందు రెండు రోజుల రుసుము తగ్గిస్తామని చెప్పి, ఆ తరువాత దానిని ఐదు రోజులకు పెంచింది. పెంచినది మంచిదే అయినా, మొదట చెప్పిన అంకె ఆలోచించి చెప్పింది కాదన్న భావం మిగులుతుంది.

మొత్తం లెక్కించేటప్పుడు మీ ఒప్పందంలో ఏముందో పదం పదం చదవండి. మా ఒప్పందంలో నెలకు 99.9 శాతం లభ్యత హామీ ఉండేది. 30 రోజుల నెలలో 43,200 నిమిషాలుంటాయి కనుక, మేము ఆగడానికి వీలున్నది 43 నిమిషాలే. లభ్యత 99.9 శాతం కంటే తగ్గితే చందాలో 10 శాతం, 99 శాతం కంటే తగ్గితే 25 శాతం తిరిగి జమ చేయాలి. 99 శాతం గీత దగ్గర ఆగిన సమయం 432 నిమిషాలు, అంటే 7 గంటల 12 నిమిషాలు. ఇప్పుడు మా రోజును చూడండి. డేటాబేస్ ఆగిన 10:12 నుంచి లెక్కిస్తే 435 నిమిషాలు, 25 శాతం ఇవ్వాలి. మేము గమనించిన 10:19 నుంచి లెక్కిస్తే 428 నిమిషాలు, 10 శాతంతో సరిపోతుంది. ఈ ఏడు నిమిషాల మీద మా కార్యాలయంలో పెద్ద చర్చే నడిచింది. ఆగిందని మాకు తెలిసిన క్షణం నుంచి లెక్కించాలని ఒకరు వాదించారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. కస్టమరు 10:12కి బిల్లు కొట్టబోయి విఫలమయ్యాడు, ఆ సంగతి అతని తెర మీదా ఉంది, మా సర్వరు లాగులోనూ ఉంది. మనం ఆలస్యంగా గమనించినందుకు పరిహారం తగ్గితే, పర్యవేక్షణ ఎంత నాసిగా ఉంటే మనకు అంత లాభమన్నట్టవుతుంది. చివరికి 10:12 నుంచే లెక్కించాం. ముగింపు కూడా అంతే: మొదటి విడత కస్టమర్లు లోపలికి వచ్చిన క్షణాన్ని తీసుకోకూడదు, చివరి విడత వచ్చిన 5:27నే తీసుకోవాలి.

ఒప్పందంలో శాతాల పట్టిక లేక, "ఆగిన సమయానికి దామాషాగా" అని మాత్రమే ఉంటే జాగ్రత్త. 435 నిమిషాలకు దామాషా నెల చందాలో 1 శాతమే. పనిదినం మొత్తం పోగొట్టుకున్నవాడికి ఆ 1 శాతం పంపి దాని చుట్టూ పెద్ద పెద్ద మాటలు పేరిస్తే మండిపడతాడు. అంతకంటే ఎక్కువ ఇవ్వగలిగితే ఇవ్వండి, ఇవ్వలేకపోతే అంకె మాత్రం నిరాడంబరంగా రాయండి. ఒప్పందం ప్రకారం బాకీ ఉన్నదానిని "కానుక" అనో "మా అభిమానంతో" అనో రాయకూడదు. ఒప్పందానికి మించి స్వచ్ఛందంగా ఇస్తున్నది ఉంటే దానిని విడిగా చూపండి. మాట వాడుకలో మరో తేడా ఉంది. "నష్టపరిహారం" అంటే కస్టమరుకు జరిగిన వ్యాపార నష్టాన్ని పూడ్చడం అన్న అర్థం వస్తుంది, మీరు ఇస్తున్నది అది కాకపోతే "చందా తగ్గింపు" లేదా "చందా జమ" అనండి. ఈ పేరా ఒక్కటి పంపే ముందు న్యాయ సలహాదారుకు చూపించడం మంచిది. దరఖాస్తు పెట్టుకున్నవారికే ఇచ్చే పద్ధతి చాలా ఒప్పందాల్లో ఉంటుంది, అయినా అందరికీ దానంతట అదే జమ అయ్యేలా మీ యాజమాన్యాన్ని ఒప్పించడానికి ప్రయత్నించండి. సహాయ కేంద్రానికి వచ్చే ఉత్తరాల భారం తగ్గుతుందన్న వాదన యాజమాన్యాల దగ్గర బాగా పనిచేస్తుంది.

ఆ రోజు మేము పంపి ఉండవలసిన నోటీసులు నా దృష్టిలో ఇలా ఉంటాయి. మొదటిది, 10:30కి:

> ఈ రోజు ఉదయం 10:12 నుంచి మా సేవలో లాగిన్, బిల్లింగ్, నివేదికలు పనిచేయడం లేదు. ఇది కస్టమర్లందరికీ వర్తిస్తుంది. మీ కంప్యూటరులో గానీ ఇంటర్నెట్‌లో గానీ లోపం లేదు. కారణాన్ని పరిశీలిస్తున్నాం. ఎప్పటికి పునరుద్ధరించగలమో ఇంకా చెప్పలేము. తదుపరి సమాచారం 11:20కి ఇస్తాం.

రెండోది, 11:20కి:

> డేటాబేస్ నిల్వ నిండిపోవడం వల్ల సేవ ఆగింది. దానిని బ్యాకప్ నుంచి తిరిగి నిలబెడుతున్నాం. ప్రస్తుత వేగాన్ని బట్టి సేవ సాయంత్రం 4:30 నుంచి 6 గంటల మధ్య అందుబాటులోకి వస్తుందని అంచనా. ఈ రోజు పనికి ప్రత్యామ్నాయ ఏర్పాటు చేసుకోవలసిందిగా కోరుతున్నాం. ఉదయం 6:40 నుంచి 10:12 మధ్య చేసిన నమోదుల పరిస్థితి ఇంకా తేలలేదు; మేము తెలియజేసే వరకు వాటిని మళ్లీ చేయవద్దు. తదుపరి సమాచారం మధ్యాహ్నం 1 గంటకు.

మూడోది, సేవ వచ్చాక:

> సాయంత్రం 5:27కి సేవ అందరికీ అందుబాటులోకి వచ్చింది. మొత్తం 7 గంటల 15 నిమిషాలు ఆగింది. 6:40–10:12 మధ్య నమోదుల జాబితా మీ ఖాతాలో ఎల్లుండి సాయంత్రం లోగా కనబడుతుంది. అప్పటి వరకు వాటిని మళ్లీ నమోదు చేయవద్దు. ఒప్పందం ప్రకారం మీకు రావలసిన చందా తగ్గింపు వచ్చే నెల బిల్లులో జమ అవుతుంది, దరఖాస్తు అవసరం లేదు. పూర్తి కారణం, తగ్గింపు మొత్తం వివరిస్తూ ఐదు పనిదినాల్లో మరో నోటీసు పంపుతాం. మీ పనిదినం పోయినందుకు క్షమించండి.

కస్టమర్లు వేర్వేరు దేశాల్లో ఉంటే ప్రతి సమయం పక్కనా ఏ కాలమండలమో రాయండి.

చివరగా, ఈ నోటీసు ఎక్కడి నుంచి వెళుతుందో ఇవాళే చూసుకోండి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 నిల్వ సేవ ఆగినప్పుడు, స్థితి తెలిపే వారి పేజీ కూడా అదే ఎస్3 మీద ఆధారపడి ఉండడంతో కొంతసేపు దానిని మార్చలేకపోయారు. 2022 ఏప్రిల్‌లో అట్లాసియన్ సంస్థ పొరపాటున కొందరు కస్టమర్ల సైట్లను తొలగించినప్పుడు, వారిని సంప్రదించడానికి కావలసిన వివరాలు కూడా ఆ సైట్లతోపాటే పోయాయి. మీ కస్టమర్ల ఈమెయిళ్లు, ఫోన్ నంబర్ల జాబితా మీ సేవ నడిచే డేటాబేసులోనే ఉంటే, అది ఆగిన రోజున నోటీసు ఎంత బాగా రాసినా పంపడానికి చిరునామా ఉండదు. ఆ జాబితా నకలు ఒకటి వేరే చోట, రహస్య సంకేతంతో తాళం వేసి పెట్టుకుని, వారానికోసారి తాజా చేయండి. ఆ నకలు నుంచి పదిమంది సొంత సిబ్బందికి ఒక పరీక్ష నోటీసు పంపి, అది ఎన్ని నిమిషాల్లో చేరిందో రాసి పెట్టుకోండి.